నీ పండగేంటి అని అడగకుండా పండగ సెలవు ఇవ్వడం: ఒక హాలిడే క్యాలెండర్ కేస్ స్టడీ

మా కంపెనీలో హెచ్ఆర్ చూసేది నేను, నాతో పాటు ఇంకో ఇద్దరు. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, చెన్నైల్లో నాలుగు ఆఫీసులు, అన్నీ కలిపి 212 మంది. అందులో సగం మంది కస్టమర్ సపోర్ట్, వాళ్లలో కొందరిది అమెరికా టైమ్‌కి నడిచే నైట్ షిఫ్ట్. 2025 హాలిడే క్యాలెండర్‌ని మొత్తం కొత్తగా రాశాం, ఫ్లోటింగ్ హాలిడే నియమాలతో సహా. అది ఎందుకు రాయాల్సి వచ్చింది, ఏం రాశాం, ఎక్కడ తట్టుకుంది అనేది వివరంగా చెప్తాను, ఎందుకంటే డిసెంబర్ వచ్చిందంటే ప్రతి హెచ్ఆర్‌కీ ఈ పని ఉంటుంది, చాలామంది పాత ఏడాది షీట్ తీసి తేదీలు మార్చి పంపేస్తారు. మేమూ అన్నేళ్లూ అదే చేశాం.

2024లో దెబ్బ తగిలింది. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే మార్చి 29న వచ్చింది. మా లిస్టులో అది ఫ్లోటింగ్, అంటే కావాలనుకున్నవాళ్లు తీసుకోవచ్చు, మేనేజర్ ఒప్పుకుంటే. సపోర్ట్ టీమ్‌లో ఒకామె పెట్టుకుంది. అదే రోజుకి ఆమె కంటే ముందే ఇద్దరు పెట్టేశారు, శుక్రవారం కదా, శని ఆదివారాలతో కలిపి ఊరెళ్లొచ్చని. ముందు వచ్చినవాళ్లకి ముందు అన్నది మా రూలు, కాబట్టి ఆమెది రిజెక్ట్ అయింది. ఆ రోజంతా ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకుంది. ఎవరూ రూల్ తప్పలేదు, మేనేజర్ కూడా సిస్టమ్ చెప్పినట్టే చేశాడు, అయినా జరిగింది తప్పే. ఏడాదికొక్కసారి చర్చిలో మధ్యాహ్నం దాకా కూర్చునే రోజు అది, ఆమెకి దాన్ని ఇంకో రోజుకి మార్చుకునే వీలే లేదు.

ఆమె నాతో మాట్లాడటానికి వచ్చినప్పుడు ఒక మాట అంది. "మేడమ్, నేను ఫారంలో గుడ్ ఫ్రైడే అని రాశాను, మా లీడ్ చూశారు, మరి నువ్వు క్రిస్టియనా అని అందరి ముందూ అడిగారు. సెలవూ రాలేదు, పైగా నేను ఎవరో కూడా అందరికీ తెలిసింది." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా లీవ్ పోర్టల్‌లో ఫ్లోటింగ్ హాలిడే పెట్టాలంటే 'పండగ పేరు' అనే గడి తప్పనిసరిగా నింపాలి, నింపితే అది మేనేజర్‌కి వెళ్లే మెయిల్‌లో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ గడి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మాకెవరికీ గుర్తు లేదు.

పాత మెయిల్ తీసి మళ్లీ చదివితే ఇంకో విషయం కనిపించింది. ఫిక్స్‌డ్ సెలవులు పైన, కింద 'ఇతర మతాల పండగలు' అని ఒక హెడ్డింగ్ పెట్టి బక్రీద్, గుడ్ ఫ్రైడే, గురునానక్ జయంతి రాశాం. ఇతర అంటే ఎవరికి ఇతర? కొత్త ప్రకటనలో మొదట మార్చింది అదే. హెడ్డింగ్‌లు తీసేసి అన్ని రోజులూ తేదీ వరసలో పెట్టాం, అంతే.

ముందు ఫిక్స్‌డ్ సెలవుల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఫ్లోటింగ్ దాని మీదే నిలబడుతుంది. చాలామంది అనుకునేది ఏంటంటే కంపెనీ ఇష్టం, పది ఇస్తే పది, ఎనిమిది ఇస్తే ఎనిమిది అని. అలా కాదు, మా ఆఫీసులున్న ప్రతి రాష్ట్రంలోనూ దీనికో చట్టం ఉంది. కర్ణాటకలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2తో పాటు నవంబర్ 1 రాజ్యోత్సవం కూడా తప్పనిసరి, వాటిపైన ఇంకో 5 పండగ సెలవులు. తమిళనాడులో మొదటి నాలుగు రోజులూ, వాటిపైన 5. తెలుగు రాష్ట్రాలకి 1974 నాటి చట్టం ఉంది. ఫ్లోటింగ్ హాలిడేలని ఈ లెక్కలో కలిపి చట్టం పూర్తయిందని అనుకోకూడదు, చట్టం అడిగేది ఫలానా తేదీన అందరికీ సెలవు అని. మేము ఫిక్స్‌డ్ లిస్టుతోనే చట్టం దాటేలా చూసుకుని, ఫ్లోటింగ్‌ని దానిపైన అదనంగా పెట్టాం.

2025లో తేదీలు కూడా చిక్కు తెచ్చాయి. రిపబ్లిక్ డే ఆదివారం, ఉగాది ఆదివారం, శ్రీరామనవమి కూడా ఆదివారమే. దసరా ఏకంగా గాంధీ జయంతి రోజే, అక్టోబర్ 2న. రెండు సెలవులు ఒక రోజులో కలిసిపోయాయి, దాన్ని రెండుగా లెక్కేయడం కుదరదు. అందుకని మేము పెట్టుకున్న సూత్రం ఇది: ప్రతి ఆఫీసుకీ సోమవారం నుంచి శుక్రవారం లోపల పడే ఫిక్స్‌డ్ సెలవులు సరిగ్గా 9 ఉండాలి, పేర్లు వేరైనా సంఖ్య ఒకటే.

నాలుగు ఆఫీసులకీ ఉమ్మడిగా వచ్చినవి ఏడు: జనవరి 14 సంక్రాంతి, మార్చి 31 రంజాన్, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, అక్టోబర్ 20 దీపావళి, డిసెంబర్ 25. మిగతా రెండూ ఆ ఊరివి. హైదరాబాద్‌కి జూన్ 2 తెలంగాణ అవతరణ, ఆగస్టు 27 వినాయక చవితి. విజయవాడకి కనుమ, వినాయక చవితి. కనుమ లేకుండా విజయవాడ వాళ్లకి సంక్రాంతి ఇచ్చామంటే సగం ఇచ్చినట్టే. బెంగళూరుకి చవితి, అక్టోబర్ 1 ఆయుధ పూజ. చెన్నైకి ఏప్రిల్ 14 తమిళ ఉగాది, ఆయుధ పూజ. ఇంతకుముందు ఆఫీసుకో సంఖ్య ఉండేది, అందరూ పక్క ఊరి లిస్టు తెరిచి వేళ్లు మడిచి లెక్కేసుకునేవాళ్లు. తొమ్మిది తొమ్మిది అనేసరికి ఆ గొడవ దాదాపు పోయింది.

ఎవరికి ఏ ఊరి లిస్టు? ఉద్యోగి రికార్డులో ఉన్న ఆఫీసుది. సొంతూరుది కాదు, మేనేజర్ ఉన్న ఊరుది కాదు, క్లయింట్ దేశానిది అసలే కాదు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు జీతం స్లిప్‌లో ఏ ఆఫీసు ఉంటే దాని కిందే. వరంగల్ నుంచి వెళ్లి బెంగళూరులో పని చేస్తున్న అమ్మాయికి సద్దుల బతుకమ్మ కావాలంటే? దానికే కదా ఫ్లోటింగ్.

ఫ్లోటింగ్ మూడు రోజులు ఇచ్చాం. ఇక్కడే మేము ఎక్కువ రోజులు కొట్టుకున్నాం. నా మొదటి ఆలోచన సింపుల్‌గా ఉండేది, ఏ పండగ ఎవరిదో వాళ్లకి ఇద్దాం, గుడ్ ఫ్రైడే రోజు క్రిస్టియన్లకి మొదటి హక్కు, మిలాద్ రోజు ముస్లింలకి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అలా ఇవ్వాలంటే ఎవరిది ఏ మతమో కంపెనీ అడిగి రాసుకోవాలి, అది ఒక షీట్‌లో ఉంటుంది, ఆ షీట్ ఎవరో ఒకరు తెరుస్తారు. పైగా మనుషులు గడుల్లో ఇమడరు. మా దగ్గర ఒక సహోద్యోగి హిందువు, భార్య క్రిస్టియన్, ఆయనకి గుడ్ ఫ్రైడే రోజు ఆమెతో ఉండాలని. పేరు చూసి ఊహించడం అంతకన్నా ఘోరం.

అలాగని మతం అడగకపోతే, మొక్కు తీర్చుకోవడానికి అడిగినవాళ్లకీ లాంగ్ వీకెండ్ కోసం అడిగినవాళ్లకీ తేడా తెలియదు. 2024లో ఆమెకి జరిగింది అదే.

చివరికి దొరికిన దారి ఇది. ప్రతి ఉద్యోగీ తన మూడు ఫ్లోటింగ్ రోజుల్లో ఒక్కదాన్ని 'కదలని రోజు'గా టిక్ పెట్టుకోవచ్చు. కారణం రాయక్కర్లేదు, పండగ పేరు చెప్పక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. దాన్ని మేనేజర్ తిరస్కరించలేడు, మరీ కష్టమైతే నా దగ్గరకి రావాలి. ఏడాదికి ఒక్కటే కాబట్టి జనం దాన్ని ఆచితూచి వాడతారు. ఒకరికి అది గుడ్ ఫ్రైడే, ఇంకొకరికి మహావీర్ జయంతి, ఇంకొకరికి వాళ్ల నాన్న సంవత్సరీకం. తనకి ఏది ముఖ్యమో మనిషే చెప్తాడు, ఎందుకు ముఖ్యమో మనకి అనవసరం. పోర్టల్‌లో పండగ పేరు గడిని తీసేయించాం. ఇప్పుడు మేనేజర్‌కి వెళ్లే మెయిల్‌లో తేదీ, 'ఫ్లోటింగ్ హాలిడే' అన్న మాట, కదలని రోజైతే ఒక చిన్న తాళం గుర్తు, ఇవే ఉంటాయి.

మూడు రోజుల్లో రెండు మేము ఇచ్చిన లిస్టులోంచి తీసుకోవాలి, ఒకటి మాత్రం లిస్టులో లేని ఏ రోజైనా సరే. కదలని రోజు లిస్టులోదైనా, బయటిదైనా కావచ్చు. లిస్టులో భోగి, శివరాత్రి, హోలీ, మహావీర్ జయంతి, అంబేద్కర్ జయంతి, గుడ్ ఫ్రైడే, బుద్ధ పూర్ణిమ, బోనాలు, వరలక్ష్మీ వ్రతం, సెప్టెంబర్ 5 (ఆ రోజు మిలాద్, తిరువోణం రెండూ కలిశాయి), సద్దుల బతుకమ్మ, గురునానక్ జయంతి, ఇలా ఉన్నాయి. బయటి రోజు ఎందుకంటే మనం ఎంత పొడుగు లిస్టు రాసినా ఎవరో ఒకరి ఊరి జాతర మిగిలిపోతుంది.

ప్రకటనలో నియమాల భాగం ఇలా పంపాం, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, కన్నడ, తమిళంలో:

"మీ మూడు ఫ్లోటింగ్ రోజులు డిసెంబర్ 10 నుంచి 24 లోపు పోర్టల్‌లో ఎంచుకోండి. ఈ రెండు వారాల్లో ఎప్పుడు పెట్టినా ఒకటే, ముందు పెట్టినవాళ్లకి ప్రత్యేక హక్కు లేదు. ఒక రోజుని కదలని రోజుగా గుర్తు పెట్టుకోవచ్చు. ఏ పండగ, ఎందుకు అని మిమ్మల్ని ఎవరూ అడగరు, అడిగితే హెచ్ఆర్‌కి చెప్పండి. తర్వాత మార్చుకోవాలంటే ఆ రోజుకి 7 రోజుల ముందు వరకు మార్చుకోవచ్చు. నెలవంకని బట్టి తేదీ మారే పండగలకి ముందు రోజు రాత్రి 10 లోపు మీ లీడ్‌కి ఒక మెసేజ్ చాలు. వాడుకోని రోజులు వచ్చే ఏడాదికి రావు, డబ్బుగా కూడా మారవు. ఏప్రిల్ 30 లోపు చేరినవాళ్లకి మూడు, ఆగస్టు 31 లోపు చేరినవాళ్లకి రెండు, ఆ తర్వాత చేరితే ఒకటి."

'అడిగితే హెచ్ఆర్‌కి చెప్పండి' అన్న ముక్క మీద ఒక మేనేజర్ నొచ్చుకున్నాడు, మమ్మల్ని దొంగల్లా చూపించినట్టుంది అని. ఆయనతో అరగంట కూర్చున్నాను. నేను చెప్పింది ఒకటే: ఆ వాక్యం మీకు కూడా రక్ష, రేపు ఎవరైనా మీరు మతం చూసి సెలవు ఇచ్చారంటే, నాకు తెలియనే తెలియదు అని మీరు నిజంగా చెప్పగలరు. వాక్యం అలాగే ఉంచాం.

మెయిల్ పంపకముందు డ్రాఫ్ట్‌ని ఎనిమిది మందికి చూపించాం, ఒక్కో ఆఫీసు నుంచి ఇద్దరు, అందులో నైట్ షిఫ్ట్ వాళ్లు ఉండేలా చూసుకున్నాం. అలా చూపించకపోతే పెద్ద పొరపాటు బయటికి వెళ్లిపోయేది. నైట్ షిఫ్ట్ సాయంత్రం 6:30కి మొదలై తెల్లవారుజామున 3:30కి అయిపోతుంది. సెలవు ఏ తేదీదో ఆ తేదీన మొదలయ్యే షిఫ్ట్‌కి సెలవు అని రాశాం. దీపావళికి అది బాగానే కుదురుతుంది, లక్ష్మీ పూజ సాయంత్రమే కాబట్టి. ఒకబ్బాయి డ్రాఫ్ట్ చదివి, "మేడమ్, క్రిస్మస్ ఆరాధన 24 అర్ధరాత్రి కదా, అప్పుడు నేను కాల్స్‌లో ఉంటాను, 25 రాత్రి ఖాళీగా ఇంట్లో కూర్చుంటాను" అన్నాడు. పండగ అయిపోయాక వచ్చే సెలవు అది. అందుకని నైట్ షిఫ్ట్ వాళ్లకి ఒక వాక్యం చేర్చాం: ఏ ఫిక్స్‌డ్ పండగ సెలవునైనా దాని ముందు రాత్రి షిఫ్ట్‌కి మార్చుకోవచ్చు, వారం ముందు చెప్తే చాలు. ఇందులోనూ ఏ పండగకి అని గీత గీయలేదు.

ఇక తట్టుకున్న చోట్లు. మొదటిది బోనాలు, జూలై 21, సోమవారం. హైదరాబాద్ సపోర్ట్ పగటి టీమ్‌లో 14 మంది, కనీసం 8 మంది లేకపోతే కాల్స్ ఆగిపోతాయి, అంటే ఆరుగురికే సెలవు ఇవ్వగలం. డిసెంబర్ 24న విండో మూసి చూస్తే తొమ్మిది మంది అదే రోజు పెట్టారు. అందులో ఐదుగురిది కదలని రోజు, వాళ్లది ఖాయం. మిగిలిన నలుగురికి ఒక్క చోటే ఉంది. లీడ్ ఆ నలుగురికే విడిగా మెసేజ్ పెట్టాడు, ఎవరైనా మార్చుకుంటారా అని. ఇద్దరు వేరే రోజుకి మారారు. మిగతా ఇద్దరిలో, నిరుడు కోరిన ఫ్లోటింగ్ రోజు దొరకనివాళ్లకి ఈసారి ముందు అన్నది మా నియమం, ఆ లెక్కన ఒకరికి వచ్చింది. రెండో ఆవిడ వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి మారింది. మొత్తం రెండు రోజుల్లో తేలిపోయింది, అది కూడా ఏడు నెలల ముందు. ముందు వచ్చినవాళ్లకి ముందు అన్న పాత పద్ధతిలో ఇది జూలైలో, పండగకి నాలుగు రోజుల ముందు గొడవగా తేలేది.

మరి కదలని రోజులే ఆరు దాటితే? అదీ ఆలోచించాం. బోనాలు విజయవాడలో పెద్దగా లేవు, కాబట్టి అక్కడి నుంచి ఇద్దరిని హైదరాబాద్ లైన్ మీదకి తీసుకోవచ్చు. కనుమ రోజు హైదరాబాద్ పనిలోనే ఉంటుంది, వాళ్లు విజయవాడ కాల్స్ తీసుకుంటారు. జూన్ 2న మళ్లీ విజయవాడ. నాలుగు ఊళ్లకి నాలుగు లిస్టులు ఉండటాన్ని నేను ఏళ్ల తరబడి తలనొప్పి అనుకున్నాను. నిజానికి అందరికీ ఒకే లిస్టు పెడితేనే ఆ రోజు ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.

రెండోది మార్చి 31. రంజాన్, అదే రోజు ఆర్థిక సంవత్సరం ఆఖరు. అకౌంట్స్‌లో తొమ్మిది మంది, కనీసం నలుగురు కావాలి. ఫిక్స్‌డ్ సెలవు రోజు పని చేయిస్తే రెట్టింపు జీతమో, మామూలు జీతంతో పాటు ఇంకో రోజు సెలవో ఇవ్వాలి, మేము ఆ రెండిట్లో ఏది కావాలో ఉద్యోగినే ఎంచుకోమన్నాం. మేనేజర్ మొదట నాకు పంపిన లిస్టులో నలుగురి పేర్లున్నాయి, నలుగురూ హిందువులే, ఆయన మంచి ఉద్దేశంతోనే అలా రాశాడు. వెనక్కి పంపాను. అలా రాస్తే మతం చూసి పని పంచినట్టే, ఈసారి అది ఒకరికి మేలుగా కనిపించినా. అడిగి చూడండి అన్నాను. జనవరిలోనే స్వచ్ఛందంగా ఎవరొస్తారని అడిగితే ఐదుగురు వచ్చారు, వాళ్లలో ముగ్గురు ఆ అదనపు రోజుని ఉగాది పనుల కోసం 28కి, శుక్రవారానికి, ముందే మార్చుకున్నారు. ఉగాది ఆదివారం పడిందన్న బాధ కూడా వాళ్లకి కొంత తగ్గింది.

నెలవంక విషయంలో మాత్రం టెన్షన్ తప్పలేదు. మార్చి 30 సాయంత్రం చంద్రుడు కనిపించకపోతే పండగ ఏప్రిల్ 1కి పోతుంది. ఫిక్స్‌డ్ సెలవుని ఆ రాత్రి కదిపితే నాలుగు ఆఫీసుల రోస్టర్ చెదిరిపోతుంది, అందుకే ఫిక్స్‌డ్ తేదీ కదలదు, కావలసినవాళ్లు రాత్రి 10 లోపు మెసేజ్ పెట్టి ఏప్రిల్ 1కి తమ ఫ్లోటింగ్ రోజు ఒకటి వాడుకోవచ్చు, లేదా 31న పని చేసి 1న సెలవు తీసుకోవచ్చు అని వారం ముందే చెప్పాం. ఆ ఆదివారం నెలవంక కనిపించింది, 31నే పండగ అయింది, ఎవరికీ మెసేజ్ పెట్టే అవసరం రాలేదు.

పని చేయనిదీ ఉంది. కదలని రోజు టిక్ పెట్టొద్దని ఒక టీమ్‌లో లీడ్ నోటిమాటగా చెప్పాడని ఫిబ్రవరిలో తెలిసింది, 'నాకు రోస్టర్ కష్టం అవుతుంది, అవసరమైతే నేను చూసుకుంటాలే' అన్నాడట. ఆ టీమ్‌లో 11 మంది ఉంటే ఒక్కరు కూడా టిక్ పెట్టలేదు. మిగతా టీమ్‌లలో సగానికి పైగా పెట్టారు, ఆ సున్నా చూసే నాకు అనుమానం వచ్చింది. వాళ్లకి విండో మళ్లీ వారం తెరిచాం, ఈసారి లీడ్ లేకుండా నేనే వాళ్లతో మాట్లాడాను, ఏడుగురు పెట్టారు. ఇప్పుడు విండో మూసిన మర్నాడు మొదట చూసేది అదే, ఏ టీమ్‌లో తాళం గుర్తులు సున్నా ఉన్నాయో.

రెండో లోపం, మధ్యలో చేరినవాళ్లు. సెప్టెంబర్‌లో చేరిన అబ్బాయికి ఒక్కటే ఫ్లోటింగ్, అది కదలని రోజుగా పెట్టుకోవచ్చు, కానీ అప్పటికే రోస్టర్ నిండిపోయి ఉంటుంది. టీమ్ సెలవుల హద్దులో ఒక చోటు కొత్తవాళ్ల కోసం ఖాళీగా ఉంచాలని ఈసారి రాసుకున్నాం.

2026 డ్రాఫ్ట్ ముందు పెట్టుకుని కూర్చుంటే ఉగాది మార్చి 19, గురువారం, బాగుంది. రంజాన్ 21, శనివారం పడేలా ఉంది. దీపావళి నవంబర్ 8, ఆదివారం. ఆగస్టు 15 శనివారం. తొమ్మిది పనిదినాలు అన్న మా సూత్రం నిలబడాలంటే ఊరి సెలవులు పెంచాలా, ఫ్లోటింగ్‌ని నాలుగు చేయాలా అని చర్చ నడిచింది. ఊరి సెలవులు పెంచితే శనివారం రంజాన్ పోగొట్టుకున్నవాళ్లకి ఇంకెవరిదో పండగ వస్తుంది. అందుకే నాలుగో ఫ్లోటింగ్‌కే ఓటేశాను, దానితో పాటు కదలని రోజుల్ని రెండు చేయమని అడిగాను. మొదటిదానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. రెండోదాని మీద సపోర్ట్ లీడ్‌లు రోస్టర్ లెక్కలు వేస్తున్నారు, వాళ్ల దగ్గర్నుంచి షీట్లు రావాలి.